కాలి పుండుతో వచ్చిన సుగర్ రోగికి సెప్సిస్: చిన్న ఆసుపత్రిలో మొదటి మూడు గంటలు

మన జిల్లాలో ‘సెప్టిక్ అయింది’ అంటే పుండులో చీము పట్టిందని అర్థం. దానికి ఒక కోర్సు మాత్రలు, రోజు విడిచి రోజు డ్రెస్సింగ్. సెప్సిస్ అనేది అది కాదు. పుండు కాలిలోనే ఉంటుంది గానీ దెబ్బ మెదడుకీ, కిడ్నీకీ, గుండెకీ తగులుతుంది. ఇన్‌ఫెక్షన్‌కి ఒళ్లు అదుపు తప్పి స్పందించడం వల్ల అవయవాలు పనిచేయడం మానేస్తే అది సెప్సిస్.

శ్రీకాకుళం జిల్లాలో పీహెచ్‌సీల్లో, సీహెచ్‌సీల్లో డ్యూటీ చేసే కుర్ర డాక్టర్లు, స్టాఫ్ నర్సులు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటే. ‘సార్, పేషెంట్‌ది ఉద్దానం వైపు. కిడ్నీ సంగతి తెలీదు. బీపీ పడిపోయింది. సెలైన్ ఎంత ఎక్కించాలి?’ కవిటి, సోంపేట, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో పనిచేసినవాళ్లకి ఈ భయం ఎందుకో చెప్పక్కర్లేదు. కారణం తేలని కిడ్నీ జబ్బు అక్కడ ఇంటింటా తెలిసిన మాటే. కానీ ఆ భయంతో ఒక సీసాను నాలుగు గంటలు ఎక్కిస్తూ కూర్చుంటే ఉన్న కాస్త కిడ్నీ కూడా పోతుంది.

అందుకే ఒక్క రకం రోగినే తీసుకుంటున్నాను: సుగర్ ఉన్నవాడు, కాలికి పుండు, బీపీ తక్కువ, కిడ్నీ సంగతి తెలీదు. కింద చెప్పే మనిషి వివరాలు గుర్తుపట్టకుండా మార్చాను. అంకెలు మాత్రం చదువుతూ లెక్క కట్టుకోవడానికి వీలుగా పూర్తిగా ఇస్తున్నాను.

ఇంట్లోవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే మీ పని ఒక్కటే. ఇన్‌ఫెక్షన్ ఉన్న మనిషి మాట తేడాగా ఉన్నా, ఆయాసపడుతున్నా, చేతులు చల్లబడినా, పూటంతా ఒంటేలు పోయకపోయినా 108కి ఫోన్ చేయండి. జ్వరం లేదు కదా అని ఆగకండి. మిగతాదంతా ఆసుపత్రిలో చేసే పని.

దగ్గర ఉండాల్సినవి

సెకన్ల ముల్లున్న గడియారం, బీపీ మిషన్, పల్స్ ఆక్సీమీటర్, గ్లూకోమీటర్. 18 నంబరు కాన్యులాలు రెండు, అంటే ఆకుపచ్చవి. ఆర్‌ఎల్ సీసాలు నాలుగు, నార్మల్ సెలైన్ రెండు. బ్లడ్ కల్చర్ సీసాలు దొరికితే రెండు. యూరిన్ క్యాథెటర్, కొలత గీతలున్న బ్యాగు. పైపెరాసిలిన్-టాజోబాక్టమ్ 4.5 గ్రాములు, అది లేకపోతే సెఫ్ట్రియాక్సోన్ 2 గ్రాములు, మెట్రోనిడజోల్ 500 మి.గ్రా. నోరాడ్రినలిన్ ఆంపూల్స్. బాల్‌పెన్ ఒకటి, కాగితం మీదకే కాదు, కాలి మీద గీయడానికి కూడా.

యాంటీబయోటిక్ వార్డులోనే, చేతికి అందేచోట ఉండాలి. నా తొలి ఉద్యోగంలో ఒక రాత్రి పది గంటలకు కేస్‌షీట్‌లో ఆర్డర్ రాశాను. మందు స్టోర్‌లో ఉంది, తాళం ఒకరి దగ్గర ఉంది, ఆ మనిషి భోజనానికి వెళ్లాడు. మందు ఒంట్లోకి వెళ్లింది పన్నెండు దాటాక. షీట్‌లో మాత్రం పది అనే ఉంది. అప్పటినుంచి నేను ఆర్డర్ రాసిన టైమ్ చూడను, డ్రిప్ మొదలైన టైమే అడుగుతాను.

1. చూడగానే రెండు నిమిషాల్లో తేల్చుకోండి

రాత్రి 9:10. మందస వైపు జీడితోటల్లో పనిచేసే మనిషి, 56 ఏళ్లు, బరువు సుమారు 60 కిలోలు. తొమ్మిదేళ్లుగా సుగర్, బీపీ మాత్రలు వేసుకుంటున్నాడు. పది రోజుల కిందట అరికాల్లో ముల్లు దిగింది. ఆటోలోంచి దింపుతూ భార్య చెప్పిన మాట ఇది: ‘జొరం లేదు బాబూ. పొద్దుట్నించి ఏటేటో మాటాడతన్నాడు. నన్ను మా అక్క పేరుతో పిలస్తన్నాడు.’

ఆ మాటలోనే సగం రోగ నిర్ధారణ ఉంది. మిగతా సగం మీ చేతులతో చేయండి.

ఊపిరి నిమిషం నిండా లెక్కపెట్టండి. చార్టుల్లో ఎవరికి చూసినా 18 అనో 20 అనో ఉంటుంది, ఎందుకంటే ఎవరూ లెక్కపెట్టరు. ఈయనకి 30.

తర్వాత చూపుడు వేలి కొసను, గోరు వైపు కాదు, లోపలి వైపు, పాలిపోయేలా గట్టిగా నొక్కి పది సెకన్లు ఉంచండి. గాజు స్లైడుతో నొక్కితే పాలిపోవడం బాగా కనబడుతుంది. వదిలేసి, రంగు మళ్లీ ఎన్ని సెకన్లకు వచ్చిందో గడియారంలో చూడండి. మూడు దాటితే కణాలకు రక్తం సరిగా అందడం లేదని అర్థం. ఈయనకి ఐదు. చలిలో వచ్చినవాళ్లకి, ఏసీ గదిలో పడుకున్నవాళ్లకి ఇది తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. చేయి కాసేపు వెచ్చబరిచి మళ్లీ చూడండి.

బీపీ 84/50, నాడి 118, ఆక్సిజన్ 95, ఒంటి వేడి 97 ఫారెన్‌హీట్, సుగర్ 342. మోకాళ్ల మీద చర్మం వల వేసినట్టు మచ్చలుమచ్చలుగా ఉంది. ఇది సెప్టిక్ షాకే అనుకుని పని మొదలుపెట్టడానికి ఇంతకన్నా అక్కర్లేదు. తెల్ల కణాల రిపోర్టు కోసం ఆగకండి.

ఈ దశలో నేను ఎక్కువగా చూసే పొరపాట్లు మూడు. మొదటిది, జ్వరం లేదని వదిలేయడం. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన ఇంజెక్షన్ జ్వరాన్ని దించేసి ఉండొచ్చు. ముసలివాళ్లలో, కిడ్నీ జబ్బున్నవాళ్లలో జ్వరం రాకనేపోవచ్చు. ఆ ఇంజెక్షన్ ఏదో తప్పక అడగండి, డైక్లోఫెనాక్ అయితే కిడ్నీకి ఇంకో దెబ్బ పడిందన్నమాట. రెండోది, బీపీ 110 ఉంది కదా అని సంతోషపడడం. రోజూ 160 ఉండే మనిషికి 110 తక్కువే. పాత చీటీలు తీసి చూడండి. మూడోది, మతి తప్పిన సుగర్ రోగికి గ్లూకోమీటర్ పెట్టకపోవడం. కిడ్నీ దెబ్బతిన్న మనిషి గ్లిమెపిరైడ్ వేసుకుని రెండు పూటలు తినకపోతే సుగర్ 40కి పడిపోయి ఉండొచ్చు. చూడటానికి అచ్చం ఇలాగే ఉంటాడు.

2. రెండు సూదులు, రక్తం, వెంటనే యాంటీబయోటిక్

రెండు చేతులకీ మోచేతి మడతలో 18 నంబరు కాన్యులాలు పెట్టండి. మణికట్టు మీద గులాబీ రంగు సూది పెట్టి షాక్‌కి వైద్యం చేయలేం. డయాలసిస్ కోసం ఫిస్టులా వేసిన చేయి అయితే దాన్ని ముట్టుకోవద్దు.

సూది పెట్టేటప్పుడే రక్తం తీయండి: క్రియాటినిన్, పొటాషియం, రక్త కణాలు, బిలిరుబిన్, దొరికితే లాక్టేట్. కల్చర్ సీసాలు ఉంటే రెండు వేర్వేరు చోట్ల నుంచి సీసాకి 8 నుంచి 10 మి.లీ. పోయండి. వాటిని ఫ్రిజ్‌లో పెట్టకండి, బయటే ఉంచి పంపండి. కల్చర్ సీసాలు లేకపోతే వెతుక్కుంటూ కూర్చోవద్దు. చీము తీసినప్పుడు సిరంజితో పట్టి పంపొచ్చు. పుండు పైన దూదితో తుడిచి పంపితే చర్మం మీది క్రిములే పెరుగుతాయి.

షాక్ ఉంటే, లేదా సెప్సిస్ అన్నది దాదాపు ఖాయమైతే, గుర్తించిన గంటలోపు యాంటీబయోటిక్ వెళ్లాలి. షాక్ లేదు, అసలు ఇన్‌ఫెక్షనేనా అన్న అనుమానం కూడా ఉంది అంటే త్వరగా పరీక్షలు చేసుకోవడానికి మూడు గంటల వ్యవధి ఉంటుంది. ఈ తేడా గుర్తుంచుకోండి, లేకపోతే జ్వరం వచ్చిన ప్రతివాడికీ పెద్ద మందు పెట్టే అలవాటు వస్తుంది.

ముందు పెన్సిలిన్ ఎలర్జీ గురించి అడగండి. లేదంటే పైపెరాసిలిన్-టాజోబాక్టమ్ 4.5 గ్రాములు 100 మి.లీ. నార్మల్ సెలైన్‌లో కలిపి అరగంటలో ఎక్కించండి. ఈయనకి 9:35కి మొదలైంది. అది లేని చోట సెఫ్ట్రియాక్సోన్ 2 గ్రాములు, మెట్రోనిడజోల్ 500 మి.గ్రా. ఇవ్వండి. ఈ జోడీ సూడోమోనాస్ మీద పనిచేయదు గానీ, లేని మందు కోసం గంట ఆగడం కన్నా ఉన్న మందు ఇప్పుడే ఇవ్వడం మేలు. చర్మం నల్లబడుతూ వేగంగా పాకుతుంటే క్లిండామైసిన్ 900 మి.గ్రా. కలపండి, అది క్రిముల విషాన్ని తయారుకాకుండా ఆపుతుంది. ఎంఆర్‌ఎస్‌ఏ అనుమానంతో వాంకోమైసిన్ కూడా ఇవ్వాలనుకుంటే అది రెండోది కావాలి. దాన్ని నెమ్మదిగా, గంటకి గ్రాము మించకుండా ఎక్కించాలి. ముందు దాన్నే పెడితే అసలు మందు ఆలస్యమవుతుంది.

ఇక్కడ అందరూ జంకే చోటు: ‘క్రియాటినిన్ రాలేదు, సగం డోసు ఇద్దామా?’ వద్దు. మొదటి డోసు ఎప్పుడూ పూర్తిదే. కిడ్నీ చూసి తగ్గించేది తర్వాతి డోసులను. షాక్‌లో ఉన్న మనిషి ఒంట్లో నీరు నిండి మందు పలచబడుతుంది. మొదటి డోసు తగ్గిస్తే మందు ఇచ్చినట్టు రికార్డులో ఉంటుంది గానీ, క్రిమిని చంపేటంత మందు రక్తంలో ఉండదు. కిడ్నీని దెబ్బతీసే అమికాసిన్ లాంటివి మాత్రం ఈ ప్రాంతపు రోగికి అలవాటుగా కలపకండి.

ఇంకొక చిన్న సంగతి. ఆర్‌ఎల్‌లో కాల్షియం ఉంటుంది. సెఫ్ట్రియాక్సోన్‌తో అది ఒకే గొట్టంలో కలిస్తే గడ్డకట్టి తెల్లటి పొడిలా తేలుతుంది. ఒక చేతికి ఆర్‌ఎల్, ఇంకో చేతికి మందు పెట్టండి. సూది ఒకటే అయితే ఆర్‌ఎల్ ఆపి, సెలైన్‌తో గొట్టం కడిగి, మందు ఇచ్చి, మళ్లీ కడిగి ఆర్‌ఎల్ తిప్పండి. నెలలోపు పసికందుకైతే ఈ రెండూ వేర్వేరు సూదుల్లో కూడా వద్దు.

ముసురు కాలంలో, లేదా సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీ వైపు నుంచి వచ్చిన రోగికి పుండు లేకుండా ఇదే పరిస్థితి కనబడితే చంకల్లో, గజ్జల్లో, రొమ్ముల కింద సిగరెట్‌తో కాల్చినట్టుండే నల్ల పొక్కు కోసం వెతకండి. అది స్క్రబ్ టైఫస్ గుర్తు. దానికి పైపెరాసిలిన్ గానీ సెఫ్ట్రియాక్సోన్ గానీ పనిచేయవు, డాక్సీసైక్లిన్ కావాలి. మలేరియా కార్డు టెస్టు కూడా చేసేయండి. ఈ రోగికి పుండు కళ్లముందే ఉంది కాబట్టి అక్కడికే వెళ్దాం.

3. సెలైన్: సీసా సీసాకీ ఆగి చూడండి

పుస్తకంలో లెక్క కిలోకి 30 మి.లీ., మొదటి మూడు గంటల్లో. ఈయనకి 60 × 30 = 1,800 మి.లీ., అంటే మూడున్నర సీసాల పైన. అంత వరకు అవసరం పడొచ్చని దీని అర్థం. 1,800 అని రాసి పడుకోమని కాదు.

పద్ధతి ఇది. 500 మి.లీ. ఆర్‌ఎల్ సీసాను పూర్తిగా తిప్పి, 15 నుంచి 30 నిమిషాల్లో అయిపోయేలా వదలండి. అయిపోగానే నాలుగు చూడండి: వేలి కొస రంగు, బీపీ, ఊపిరి లెక్క, ఊపిరితిత్తుల అడుగున బుడగల శబ్దం. వేలి రంగు ఇంకా ఆలస్యమై, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉంటే ఇంకో సీసా. ఊపిరి పెరిగినా, ఆక్సిజన్ తగ్గినా, బుడగలు వినబడినా అక్కడితో ఆపండి. డయాలసిస్ చేయించుకుంటున్న మనిషి, గుండె బలహీనంగా ఉన్న మనిషి అయితే 500 బదులు 250 చొప్పున ఇవ్వండి. మోతాదు తగ్గించండి గానీ వేగం తగ్గించకండి.

వేగం దగ్గరే అసలు పొరపాటు. మామూలు డ్రిప్ సెట్‌లో 20 చుక్కలు ఒక మి.లీ. ‘ఫాస్ట్‌గానే పెట్టాం సార్’ అంటే వెళ్లి లెక్కపెట్టాను ఒకసారి, నిమిషానికి 40 చుక్కలు. అంటే గంటకి 120 మి.లీ. ఆ సీసా అవడానికి నాలుగు గంటలు దాటుతుంది. అది దాహం తీర్చే వేగం, షాక్‌కి కాదు. ఫాస్ట్ అనే మాట కేస్‌షీట్‌లో రాయకండి. ‘500 మి.లీ., 20 నిమిషాల్లో, 9:18 నుంచి 9:38’ అని రాయండి.

ఏ ద్రవం? ఆర్‌ఎల్. అందులో పొటాషియం ఉందని కిడ్నీ రోగికి భయపడతారు. లీటరుకి ఉండేది 4 మిల్లీఈక్వివలెంట్లే, మన రక్తంలో ఉండేంత. నార్మల్ సెలైన్ ఎక్కువగా ఇస్తే రక్తం ఆమ్లంగా మారి, కణాల్లోని పొటాషియమే బయటికి వస్తుంది. కాబట్టి ఆ భయం తిరగబడిన భయం. ఆర్‌ఎల్ లేకపోతే నార్మల్ సెలైన్‌తోనే మొదలుపెట్టండి, ఆగొద్దు. ‘గ్లూకోజ్ ఎక్కించండి బాబూ, నీరసంగా ఉన్నాడు’ అని ఇంట్లోవాళ్లు బతిమాలుతారు. గ్లూకోజ్ నీళ్లు రక్తనాళాల్లో నిలవవు, పైగా ఈయన సుగర్ 342. సుగర్ పడిపోయినప్పుడు తప్ప వద్దు.

మొదటి సీసా తర్వాత, 9:40కి బీపీ 86/46, వేలి రంగు 5 సెకన్లు, ఊపిరితిత్తులు శుభ్రం. రెండో సీసా. 10:05కి బీపీ 86/48, వేలి రంగు 4 సెకన్లు. కాస్త నయమైంది గానీ చాలదు. మూడో సీసా తిప్పి, అది అయ్యేదాకా ఆగకుండా నోరాడ్రినలిన్ కలపమన్నాం.

4. బీపీ నిలబడకపోతే నోరాడ్రినలిన్

చూడాల్సింది పై అంకె కాదు, సగటు బీపీ. కింది అంకెను రెట్టింపు చేసి, పై అంకె కలిపి, మూడుతో భాగించండి. 86/48 అయితే (86 + 96) ÷ 3 = సుమారు 61. మనకి 65 కావాలి.

మెడలో సెంట్రల్ లైన్ లేదని నోరాడ్రినలిన్ ఆపకండి. మోచేతి మడతలో పెద్ద నరానికి ఉన్న మంచి కాన్యులా ద్వారా మొదలుపెట్టొచ్చు. ఆంపూల్ మీద రెండు అంకెలు ఉంటాయి, ఒకటి ఉప్పు రూపంలో బరువు, ఇంకొకటి అసలు నోరాడ్రినలిన్ బరువు. లెక్క అసలు బరువుతోనే. ఆంపూల్‌లో అసలు మందు 2 మి.గ్రా. ఉంటే రెండు ఆంపూల్స్ తీసి, 5 శాతం డెక్స్‌ట్రోజ్‌తో మొత్తం 50 మి.లీ. చేయండి. మి.లీ.కి 80 మైక్రోగ్రాములు వస్తుంది. కిలోకి నిమిషానికి 0.05 మైక్రోగ్రాముతో మొదలుపెడితే 60 కిలోల మనిషికి నిమిషానికి 3, గంటకి 180 మైక్రోగ్రాములు. సిరంజి పంపులో గంటకి 2.25 మి.లీ.

పంపు లేదా? అదే 4 మి.గ్రా. 500 మి.లీ. డెక్స్‌ట్రోజ్‌లో కలిపి, పిల్లల మైక్రో డ్రిప్ సెట్‌తో నిమిషానికి 22 చుక్కలు. అప్పుడు ఒకరు పక్కనే కూర్చోవాలి. పేషెంట్ చేయి మడిస్తే చుక్కలు మారిపోతాయి.

ఐదైదు నిమిషాలకి బీపీ చూస్తూ పెంచండి. సూది పెట్టిన చోట వాపు, తెల్లబడటం, మంట కనబడితే వెంటనే ఆ లైన్ ఆపి ఇంకో చేతికి మార్చండి. మందు బయటికి కారితే చర్మం చచ్చిపోతుంది. అందుకే రెండో కాన్యులా ముందే పెట్టమన్నది. అదే చేతికి బీపీ కఫ్ కట్టకండి.

ఈయనకి 10:15కి మొదలైంది. మూడో సీసాలో 300 మి.లీ. వెళ్లేసరికి ఆక్సిజన్ 95 నుంచి 92కి తగ్గింది, రెండు వైపులా అడుగున సన్నగా బుడగలు. సీసా ఆపేశాం. మొత్తం వెళ్లింది 1,300. ఇంకా 500 బాకీ ఉందని ఎవరూ ఎక్కించలేదు. ముక్కుకి ఆక్సిజన్ పెట్టి, నోరాడ్రినలిన్‌ను రెట్టింపు చేశాం. 10:45కి బీపీ 100/56, అంటే సగటు దాదాపు 71. వేలి రంగు 3 సెకన్లు. లాబ్ నుంచి క్రియాటినిన్ 2.4 అని వచ్చింది అప్పుడే. అది పాతదో కొత్తదో ఆ రాత్రి తేలలేదు, తేలకపోయినా మా పని మారలేదు.

5. కట్టు విప్పండి, కాలు చూడండి

ఇది ఐదో నంబరులో రాశాను గానీ నిజానికి మొదటి సీసా వేలాడదీసిన నిమిషంలోనే ఒకరు ఈ పని మొదలుపెట్టాలి. సెలైన్, మందులు, నోరాడ్రినలిన్ మనకి టైమ్ కొనిపెడతాయంతే. గడ్డకట్టిన చీములోకి రక్తం వెళ్లదు, రక్తం వెళ్లని చోటికి యాంటీబయోటిక్ కూడా వెళ్లదు.

కట్టు పూర్తిగా విప్పండి. పసుపో ఆకు పసరో రాసి ఉంటే కడిగేయండి. పాదం పైన చూసి సరేననుకోకండి. అరికాలు, వేళ్ల సందులు, మడమ చూడండి. ఈయనకి పాదం పైన కొంచెం వాపు మాత్రమే. అరికాల్లో ముల్లు దిగిన చోట చిన్న నల్ల చుక్క, చూస్తే మానిపోయిందనే అనిపిస్తుంది. కానీ అరికాలి గుంట నిండిపోయి ఉబ్బెత్తుగా ఉంది, నొక్కితే రెండో వేలి సందులోంచి పలచటి బూడిదరంగు చీము కారింది. సుగర్ వల్ల స్పర్శ పోయి, నొప్పి అని మూలగను కూడా లేదు.

బాల్‌పెన్‌తో ఎరుపు ఎంతవరకు ఉందో అంచు వెంబడి గీసి, పక్కనే టైమ్ రాయండి. అరగంటలో ఎరుపు గీత దాటితే, చర్మం కింద నొక్కినప్పుడు కరకరమంటే, నల్లటి బొబ్బలుంటే, చర్మం బాగానే ఉన్నా నొప్పి భరించలేనంత ఉంటే అది కండర పొరలను తినేసే ఇన్‌ఫెక్షన్. అక్కడ చిన్న కోత సరిపోదు, చచ్చిన కండ అంతా తీసేసే ఆపరేషన్ వెంటనే కావాలి. మొదటి డోసు మందు వెళ్లగానే, నోరాడ్రినలిన్ నడుస్తుండగానే బయల్దేరదీయండి. ‘బీపీ కుదురుకున్నాక పంపుదాం’ అంటే అది కుదురుకోదు.

అలా కాకుండా ఒకచోట నిండిన చీమైతే, మీ దగ్గర చేయగలిగినవాళ్లు ఉంటే, పంపే ముందే తెరవండి. నా అభిప్రాయంలో గంటన్నర ప్రయాణం ముందుంటే ఇరవై నిమిషాల కోత నష్టం కాదు. ఈయనకి ఆ రాత్రి కాల్‌లో ఉన్న సర్జన్ 11:20కి చీలమండ దగ్గర మత్తు ఇచ్చి అరికాలు తెరిచారు. ముందు 5 మి.లీ. సిరంజిలోకి కల్చర్‌కి, తర్వాత ఇంచుమించు టీగ్లాసులో సగం చీము, దాని వెనక ముల్లు ముక్క. గది తలుపులు తెరవాల్సి వచ్చినంత వాసన. పుండుకి కుట్లు వేయలేదు, గుడ్డ దూర్చి తెరిచే ఉంచారు. చీము తీసిన కోతకి కుట్టు వేయడం మళ్లీ మూత పెట్టడమే.

సర్జన్ లేని చోట మీ పని: ఎక్కడ ఉందో కనిపెట్టి, తీసేవాళ్ల దగ్గరికి పంపడం. గుర్తించిన 6 నుంచి 12 గంటల్లోపు మూలం తొలగిపోయేలా చూడాలి. పుండు లేని రోగిలో మూలం ఇంకెక్కడో ఉంటుంది. డయాలసిస్ మొదలైన అరగంటకి చలి వణుకు వస్తే ముందు మెడలోని క్యాథెటర్‌ని అనుమానించండి. నడుము నొప్పి, ఒంటేలు తగ్గడం ఉంటే రాయి అడ్డుపడి కిడ్నీలో చీము ఉందేమో అల్ట్రాసౌండ్ చేయించండి.

6. పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది

అరగంటకోసారి వేలి రంగు, సగటు బీపీ, ఊపిరి. గంటకోసారి ఒంటేలు. కిలోకి అర మి.లీ. చొప్పున ఈయనకి గంటకి 30 రావాలి. క్యాథెటర్ వేయగానే బ్యాగులోకి వచ్చేది పాత నిల్వ, దాన్ని పారబోసి అక్కడినుంచి లెక్క మొదలుపెట్టండి. ఈయనకి మొదటి గంట 15, రెండో గంట 25. డయాలసిస్ రోగికి ఈ లెక్క పనికిరాదు, వేలి రంగునే నమ్ముకోవాలి. లాక్టేట్ చేయగలిగితే రెండు గంటలకి మళ్లీ చూడండి. చేయలేకపోతే వేలి రంగు చాలు. 2019లో వచ్చిన ఆండ్రోమెడా-షాక్ అధ్యయనంలో 424 మందిని చూశారు. వేలి రంగు చూస్తూ వైద్యం నడిపిన వర్గం, లాక్టేట్ చూస్తూ నడిపిన వర్గం కన్నా వెనకబడలేదు.

ఒంటేలు రావడం లేదని ఫ్రూసెమైడ్ ఇచ్చేయకండి. ఊపిరితిత్తుల్లో నీరు లేనప్పుడు, షాక్ ఇంకా ఉన్నప్పుడు అది బ్యాగు నింపుతుంది, కిడ్నీని కాదు బాగుచేసేది. సుగర్ 180 దాటి ఉంటే ఇన్సులిన్ మొదలుపెట్టండి, గంటకోసారి గ్లూకోమీటర్ పెట్టండి. షాక్‌లో వేలి చుక్క తప్పు చూపించొచ్చు, అనుమానమైతే నరంలోంచి తీసిన రక్తంతో చూడండి.

అన్నిటికన్నా తొందరగా మారేది మాట. 11 గంటల ప్రాంతంలో ఈయన భార్యని ఆమె పేరుతో పిలిచాడు.

7. పంపేటప్పుడు చీటీ

‘సెప్సిస్, రిఫర్డ్ ఫర్ హయ్యర్ సెంటర్’ అని రాసి పంపిన చీటీలు నా డ్రాయర్‌లో చాలా ఉన్నాయి. అవతలివాళ్లు ఏ మందు వెళ్లిందో తెలియక మళ్లీ మొదటినుంచి మొదలుపెడతారు, లేదా వెళ్లే ఉంటుందని రెండో డోసు మర్చిపోతారు. ఎక్కువగా జరిగేది రెండోదే. మేం రాసి పంపింది ఇది, మీరూ ఇలాగే రాయండి:

‘9:10కి వచ్చారు, 84/50, వేలి రంగు 5 సెకన్లు. పైప్-టాజ్ 4.5 గ్రాములు 9:35. రెండో డోసు తెల్లవారుజాము 3:35. ఆర్‌ఎల్ మొత్తం 1,300, ఊపిరితిత్తుల్లో బుడగలు వచ్చి ఆపాం. నోరాడ్రినలిన్ 80 మైక్రోగ్రాములు/మి.లీ., గంటకి 4.5 మి.లీ., కుడి మోచేయి. 11:20కి అరికాలు తెరిచాం, చీము కల్చర్ సిరంజి వెంట పంపుతున్నాం. ఒంటేలు రెండు గంటల్లో 40. క్రియాటినిన్ 2.4, పాతది తెలీదు. ఎరుపు గీత 9:30ది.’

బండి ఎక్కించే ముందు శ్రీకాకుళంలో డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేసి ఇదే చదివి వినిపించండి. నోరాడ్రినలిన్ సిరంజి నిండుగా ఉందా, పంపు బ్యాటరీ ఎంతుంది, రెండో సిరంజి కలిపి వెంట పెట్టారా చూసుకోండి. మా వాళ్లు 12:15కి బయల్దేరారు. నాలుగింటికి అక్కడి నుంచి ఫోన్ వచ్చింది: పెన్ను గీత దాటలేదు, రెండో డోసు 3:40కి ఎక్కించాం, పొద్దున్న చచ్చిన కండ తీయడానికి థియేటర్‌కి తీసుకెళ్తున్నాం, ఇంతకీ టెటనస్ ఇంజెక్షన్ ఇచ్చారా?

ఇవ్వలేదు. చీటీలో ఆ గడి కూడా కలుపుకోండి.